ఓవరాల్ 7.5 వచ్చింది, రైటింగ్‌లో మాత్రం 6.0. దీన్ని పాస్ అంటారా, కాదా?

వెన్నెలదారి
నమస్కారం అండీ. నేను ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ కంప్యూటర్ మీద రాశాను. రాసి ఇవాళ్టికి 19 రోజులు. వచ్చిన బ్యాండ్లు ఇవి: లిజనింగ్ 8.5, రీడింగ్ 8.0, స్పీకింగ్ 7.0, రైటింగ్ 6.0. ఓవరాల్ 7.5.

నేను అప్లై చేయాల్సిన మాస్టర్స్ కోర్సుకి ఓవరాల్ 7.0 కావాలి. ఆ ఒక్క ముక్కే చదువుకుని, ఫలితం రాగానే ఇంట్లో అందరికీ పాసయ్యానని చెప్పేశాను. నిన్న అప్లికేషన్ నింపుతుంటే కింద ఇంకో వాక్యం కనిపించింది. ఏ సెక్షన్‌లోనూ 6.5 కంటే తగ్గకూడదట. అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదు. అప్లికేషన్ గడువు ఇంకా ఏడు వారాలు ఉంది.

అడిగినదానికంటే ఓవరాల్ అర బ్యాండ్ ఎక్కువే ఉంది కదా, అది రైటింగ్‌లో తగ్గిన అర బ్యాండ్‌ను పూడ్చదా? పూడ్చకపోతే పరీక్ష మొత్తం మళ్లీ రాయాలా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

రాజమార్గం
టెన్షన్ పడకండి సిస్టర్. యూనివర్సిటీ వాళ్లు ముందు చూసేది ఓవరాల్‌నే. నాకూ రైటింగ్‌లో 6.0 వచ్చింది, వాళ్లు అడిగింది 6.5. ఓవరాల్ బాగుంది కాబట్టి ఆఫర్ లెటర్ ఇచ్చేశారు. ఇప్పుడు రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. ఉన్న స్కోరుతోనే ధైర్యంగా అప్లై చేసేయండి.

చుక్కాని
నాదీ ఇదే సమస్య! నాకు లిజనింగ్, రీడింగ్, రైటింగ్ మూడింట్లోనూ 6.5, స్పీకింగ్‌లో 7.0. ఓవరాల్ 6.5 ఇచ్చారు. నాకు కావాల్సింది 7.0. ఒక్క సెక్షన్‌లోనూ కటాఫ్ తప్పలేదు, అయినా నా స్కోరు కుదరదంటున్నారు. సగటు వేయడంలో తప్పు జరిగిందేమోనని నా అనుమానం.

నిదానం
వెన్నెలదారి గారూ, ముందు సూటిగా జవాబు చెప్తాను. పూడ్చదు. ఓవరాల్ 7.0 ఒక షరతు, ప్రతి సెక్షన్‌లో 6.5 ఇంకో షరతు. రెండూ విడివిడిగా నెగ్గాలి. లిజనింగ్‌లో మిగిలినదాన్ని తీసుకెళ్లి రైటింగ్‌లో జమ వేయడానికి దారి లేదు. సెక్షన్ కటాఫ్ అనేది పెట్టిందే ఆ జమ వేయడాన్ని ఆపడానికి.

ఎందుకు ఆపుతారో లెక్కలో చూడండి. మీ నాలుగు బ్యాండ్లు కలిపితే 29.5. నాలుగుతో భాగిస్తే 7.375. సగటును దగ్గర్లో ఉన్న అర బ్యాండ్‌కి సవరిస్తారు, అందుకే మీకు 7.5 వచ్చింది. పావు దగ్గర, ముప్పావు దగ్గర ఆగితే పైకి జరుపుతారు. అంటే 6.75 సగటు వచ్చినా ఓవరాల్ 7.0 అవుతుంది. దానికి నాలుగు బ్యాండ్ల మొత్తం 27 ఉంటే చాలు. ఇప్పుడు ఒకరికి మూడు సెక్షన్లలో 7.5 చొప్పున వచ్చాయనుకోండి, 22.5 అయింది. రైటింగ్‌లో 4.5 వచ్చినా 27 పూర్తవుతుంది. కాగితం మీద మాత్రం ఓవరాల్ 7.0 అనే ఉంటుంది. వారానికో వ్యాసం రాయించే కోర్సులోకి ఆ మనిషి వస్తే మొదటి నెలలోనే ఇబ్బంది పడతాడు. ఆ 4.5 సగటు చాటున దాక్కోకుండా ఉండటానికే రెండో వాక్యం.

మీ విషయంలో ఇంకో సంగతి గమనించండి. రైటింగ్ 6.5 అయితే మొత్తం 30, సగటు సరిగ్గా 7.5. అంటే మీ ఓవరాల్ పెరగదు, తగ్గదు. మీకు ఓవరాల్‌తో పనే లేదు. మీ పని అంతా ఆ ఒక్క గడిలోనే.

రాజమార్గం గారూ, మీ ఆఫర్ లెటర్‌లో షరతు అని ఏదైనా రాసి ఉందా? ఒకసారి తీసి చూసి చెప్పండి.

చుక్కాని గారూ, మీది ఇదే సమస్య కాదు, దీనికి తలకిందులు. మీ మొత్తం 26.5, సగటు 6.625. దానికి దగ్గరి అర బ్యాండ్ 6.5. లెక్కలో తప్పేమీ లేదు. మీకు 27 కావాలి, అంటే ఏ సెక్షన్‌లో అయినా సరే ఒక్క అర బ్యాండ్. వెన్నెలదారి గారికి ఆ వెసులుబాటు లేదు, రైటింగ్‌లోనే రావాలి.

చుక్కాని
అయ్యో, నేను ప్రశ్న సరిగ్గా చదవలేదు. అయితే నేను లిజనింగ్‌లో 7.0 తెచ్చుకున్నా సరిపోతుందన్నమాట. నేను వేరే థ్రెడ్ పెడతాను. క్షమించండి వెన్నెలదారి గారూ.

తెల్లకోటు
నేను నర్సును. నా అనుభవం చెప్తాను, మీకు పనికొస్తుందేమో చూడండి. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వాళ్లకి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 7.0, రైటింగ్‌లో 6.5 కావాలి. మొదటిసారి నాకు లిజనింగ్ 7.5, రీడింగ్ 7.0, రైటింగ్ 6.5, స్పీకింగ్ 6.5 వచ్చాయి. ఓవరాల్ 7.0. స్పీకింగ్ ఒక్కటే ఆగిపోయింది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు మా హాస్టల్ అంతా విన్నది.

రెండోసారి మొత్తం పరీక్ష రాశాను. ఈసారి స్పీకింగ్‌లో 7.0 వచ్చింది కానీ రీడింగ్ 6.5కి, రైటింగ్ 6.0కి పడిపోయాయి. అయినా నాకు రిజిస్ట్రేషన్ అయింది. ఎందుకంటే ఆ కౌన్సిల్ రెండు పరీక్షల స్కోర్లు కలుపుకోనిస్తుంది. రెండు పరీక్షల మధ్య 12 నెలలు మించకూడదు. రెండింటిలో ఏదో ఒకదాంట్లో ప్రతి సెక్షన్‌కీ కావాల్సిన బ్యాండ్ వచ్చి ఉండాలి. ఇంకా, రెండు పరీక్షల్లో ఎక్కడా రైటింగ్ 6.0 కంటే, మిగతావి 6.5 కంటే తగ్గకూడదు. నేను సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డాను. రీడింగ్‌లో ఇంకో అర బ్యాండ్ తగ్గి ఉంటే ఆ రెండో పరీక్ష ఎందుకూ పనికొచ్చేది కాదు.

కాబట్టి చెల్లీ, ఇంకోసారి రాసి రెండూ కలిపి పంపు. రైటింగ్ ఒక్కటే చూసుకుంటే చాలు.

నిదానం
తెల్లకోటు గారు చెప్పిన నియమం నిజమే, ఆవిడ కేసులో అంకెలూ సరిపోయాయి. కానీ అది ఆ కౌన్సిల్ తనకోసం పెట్టుకున్న నియమం. పరీక్ష పెట్టేవాళ్లు ఎవరికీ రెండు రిపోర్టులు కలిపి ఇవ్వరు. మామూలుగా యూనివర్సిటీలు ఒకే రిపోర్ట్‌లో అన్నీ ఉండాలంటాయి. కలుపుతారో లేదో స్కోరు తీసుకునేవాళ్ల పేజీలో వెతకాలి. అక్కడ రాయకపోతే కలపరనే అనుకోండి.

అసలు ఎవరికి వాళ్ల పద్ధతి వేరు. కెనడా ఇమ్మిగ్రేషన్‌నే చూడండి. వాళ్లు ఓవరాల్ వైపే చూడరు. నాలుగు నైపుణ్యాలనూ విడివిడిగా తమ సొంత లెవెల్స్‌లోకి మార్చుకుని, ఒక్కోదాన్నీ చూస్తారు. అక్కడికి వెళ్లేవాళ్లు ఓవరాల్ ఎంతో చెప్పుకుంటే దానికి విలువే ఉండదు.

వెన్నెలదారి
నా యూనివర్సిటీ పేజీ మళ్లీ మొత్తం చదివాను. ఒకే టెస్ట్ రిపోర్ట్ ఉండాలని ఉంది. అంటే కలపడం కుదరదు. థాంక్స్ అక్కా, మీ సంగతి చదివితే కనీసం నేనొక్కదాన్నే కాదు అనిపించింది.

రాజమార్గం
నిదానం గారూ, ఆఫర్ లెటర్ తీసి చూశాను. మీరు అడిగింది సరైనదే. షరతు ఉంది. కోర్సు మొదలయ్యే ముందు అక్కడే ఎనిమిది వారాల ఇంగ్లిష్ కోర్సు చేసి పాస్ కావాలని రాశారు. నేను చేశాను కూడా. దానికి ఫీజు వేరేగా కట్టాను. అది అందరికీ ఉండే కోర్సేమో అనుకున్నాను ఇన్నాళ్లూ, రైటింగ్ తగ్గినందుకని నాకు తట్టలేదు.

కానీ సీటైతే ఇచ్చారు కదా. ఈ దారి కూడా ఉంది.

నిదానం
ఉంది, కాదనను. కొన్ని యూనివర్సిటీలు అర బ్యాండ్ తగ్గినవాళ్లకి ఇలా ముందస్తు కోర్సు పెట్టి లోపలికి తీసుకుంటాయి. కానీ అది కటాఫ్‌ను వదిలేయడం కాదు, దానికి బదులు ఇంకో పరీక్ష పెట్టడం. అన్ని డిపార్ట్‌మెంట్లూ ఒప్పుకోవు. టీచర్ ట్రైనింగ్, లా, నర్సింగ్ లాంటి కోర్సుల్లో గట్టిగా ఉంటారు.

వెన్నెలదారి గారూ, అడ్మిషన్స్ వాళ్లకి ఇవాళే మెయిల్ పెట్టండి. మూడే విషయాలు అడగండి. రైటింగ్ 6.0 ఉన్నవాళ్లకి ఈ కోర్సులో ముందస్తు ఇంగ్లిష్ కోర్సు దారి ఉందా? వన్ స్కిల్ రీటేక్ రిపోర్ట్‌ను ఒప్పుకుంటారా? గడువు రోజుకి స్కోరు చేతిలో ఉండాలా, తర్వాత పంపవచ్చా? ఓవరాల్ ఎక్కువ ఉంది కదా అని మాత్రం వాదించకండి. వాళ్లకి రోజూ వచ్చే వాదన అది.

వెన్నెలదారి
వన్ స్కిల్ రీటేక్ అంటే ఒక్క రైటింగే మళ్లీ రాయడమా? అది నాకు కుదురుతుందా?

నిదానం
అవును. రైటింగ్ ఒక్కటే, రెండు టాస్కులూ, అదే 60 నిమిషాలు. మిగతా మూడు సెక్షన్ల జోలికి వెళ్లక్కర్లేదు. మొదటి పరీక్ష కంప్యూటర్ మీద రాసినవాళ్లకే ఈ అవకాశం, మీరు అలాగే రాశారు. మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల్లోపు రాసేయాలి. బుక్ చేసుకుంటే సరిపోదు, రాసేయాలి. మీకు 19 రోజులు అయిపోయాయి కాబట్టి 41 మిగిలాయి. ఒక పరీక్షకి ఒక్కసారే, ఒక్క నైపుణ్యానికే.

తర్వాత కొత్త రిపోర్ట్ ఇస్తారు. అందులో పాత లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ అలాగే ఉంటాయి, రైటింగ్ కొత్తది ఉంటుంది, ఓవరాల్ మళ్లీ లెక్కిస్తారు. అది ఒకే రిపోర్ట్ కాబట్టి మీ యూనివర్సిటీ నియమానికి అడ్డు రాకూడదు. కొత్త రైటింగ్ ఇంకా తగ్గితే పాత రిపోర్టే వాడుకోవచ్చు, అది ఎక్కడికీ పోదు.

మొత్తం పరీక్ష మళ్లీ రాస్తే వచ్చే ప్రమాదం తెల్లకోటు గారి కథలోనే ఉంది. ఒకటి లాక్కొచ్చేసరికి ఇంకో రెండు జారాయి. చేతిలో 8.5, 8.0 ఉన్నవాళ్లు వాటిని మళ్లీ పందెం కాయాల్సిన అవసరం లేదు. అయితే ఈ రీటేక్‌ను ఒప్పుకోని సంస్థలూ ఉన్నాయి. అందుకే మెయిల్‌లో ఆ ప్రశ్న ఉండాలి. జవాబు రాకుండా డబ్బు కట్టొద్దు.

సందేహాలసంచి
నేను ఒప్పుకోను. ముందు రీమార్కింగ్‌కి పెట్టాలి. పరీక్ష తేదీ నుంచి ఆరు వారాలు టైముంది. పెద్ద ఎగ్జామినర్ ఒకరు మళ్లీ చూస్తారు. బ్యాండ్ మారితే కట్టిన ఫీజు వెనక్కి ఇస్తారు. ఒక్క అర బ్యాండ్ తేడా అంటే ఎంత, ఒక ఎగ్జామినర్‌కి 6.0 అనిపించింది ఇంకొకరికి 6.5 అనిపించవచ్చు. మళ్లీ రాయడం కంటే ఇదే తేలిక.

తెల్లకోటు
మీరు పెట్టించారా? మారిందా?

సందేహాలసంచి
పెట్టాను, రైటింగ్‌కే. 18 రోజులు పట్టింది. మారలేదు. కానీ మారదని ముందే ఎలా తెలుస్తుంది? పెట్టకపోతే జీవితాంతం అనుమానం మిగిలేది.

నిదానం
మీ అనుమానం తీరింది, కానీ 18 రోజులు పోయాయి. వెన్నెలదారి గారికి ఆ 18 రోజులు చాలా విలువైనవి. రీటేక్‌కి ఉన్న 60 రోజుల లెక్క పరీక్ష తేదీ నుంచే నడుస్తుంది.

నా దగ్గర చదువుకునేవాళ్లకి నేను ఒక్కటే అడుగుతాను. హాల్లోంచి బయటికొచ్చినప్పుడు రైటింగ్ ఎలా అనిపించింది? టైముకి పూర్తిచేసి, ప్రశ్నలో అడిగినదంతా చెప్పి, ఇంటి దగ్గర ఎప్పుడూ 7 వచ్చేవాళ్లకి 6.0 వస్తే రీమార్కింగ్ అడగడంలో అర్థం ఉంది. ఎక్కడ తప్పు చేశారో వాళ్లకే తెలిస్తే, రెండో ఎగ్జామినర్ చూసేది కూడా ఆ తప్పున్న కాగితాన్నే.

చెప్పండి వెన్నెలదారి గారూ. ఏ ప్రశ్నలు వచ్చాయి అని కాదు, మీరు ఎలా రాశారు? ఏ టాస్క్‌కి ఎంతసేపు పట్టింది?

వెన్నెలదారి
నిజం చెప్తాను. టాస్క్ 1లో గీతల గ్రాఫ్, నాలుగు గీతలు, ముప్పై ఏళ్ల అంకెలు. ఏదీ వదలకూడదని ప్రతి గీతకీ ప్రతి పదేళ్ల అంకె రాస్తూ పోయాను. 230 పదాలు దాటాయి. టైము చూస్తే 27 నిమిషాలు అయిపోయాయి.

టాస్క్ 2లో ఒక పద్ధతి వల్ల లాభాలు ఎక్కువా, నష్టాలు ఎక్కువా అని అడిగారు. ఒక పేరా లాభాలు, ఒక పేరా నష్టాలు రాశాను. చివర్లో రెండు వాక్యాల్లో లాభాలే ఎక్కువని ముగించాను. 255 పదాలు వచ్చాయి. మళ్లీ చదువుకునే టైము లేదు. ప్రతి వాక్యం మొదట్లో కలిపే పదం ఉండాలని ఎక్కడో విన్నాను, అలాగే పెట్టాను.

నిదానం
ఇంత వివరంగా చెప్పినందుకు సంతోషం. మీ 6.0 ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో చాలావరకు కనిపిస్తోంది.

టాస్క్ 1లో ఓవర్‌వ్యూ రాశారా? అంటే, అంకెలేమీ లేకుండా, మొత్తం మీద ఈ బొమ్మ ఏం చెప్తోందో రెండు వాక్యాల్లో చెప్పడం. మీరు చెప్పినదాన్ని బట్టి రాయలేదనుకుంటున్నాను. 7 బ్యాండ్‌కి స్పష్టమైన ఓవర్‌వ్యూ కావాలని పబ్లిక్‌గా పెట్టిన బ్యాండ్ వివరాల్లోనే ఉంది. అది లేకుండా అంకెల జాబితా ఎంత పొడుగు రాసినా ఆ భాగంలో మార్కు కిందే ఉండిపోతుంది. 150 పదాలు అడిగిన చోట 230 రాస్తే అదనంగా ఏమీ రాదు, టాస్క్ 2 టైము మాత్రం పోతుంది.

టాస్క్ 2లో మీ అభిప్రాయం చివరి రెండు వాక్యాల దాకా కనిపించలేదు. ఎక్కువా, తక్కువా అని అడిగినప్పుడు మీరు ఏ పక్షమో మొదటి పేరాలోనే తెలియాలి. ప్రతి పేరా దానికి పనిచేయాలి. నష్టాల పేరాలో కూడా, ఇవి ఉన్నా ఎందుకు చిన్నవో చెప్పాలి. లేకపోతే అది రెండు జాబితాలే అవుతుంది, తూచడం అవదు. ఇక ప్రతి వాక్యం ముందు కలిపే పదం పెట్టడం మీకు మేలు చేయలేదు, యంత్రంలా కలిపారని తీసుకుంటారు. 6 బ్యాండ్ వివరణలో ఉన్న లోపాల్లో అదొకటి.

ఇప్పుడు లెక్క. రైటింగ్‌లో టాస్క్ 2కి టాస్క్ 1 కంటే రెట్టింపు బరువు. మీకు టాస్క్ 1లో 5.5, టాస్క్ 2లో 6.5 వచ్చాయని అనుకుందాం. 5.5కి రెండు 6.5లు కలిపితే 18.5, మూడుతో భాగిస్తే 6.17. సవరింపు మీద ఆధారపడకుండా 6.5 చేరాలంటే ఆ మొత్తం 19.5 కావాలి, అంటే ఒకటి తక్కువ. టాస్క్ 2ని 7.0కి పెంచినా ఆ ఒకటి వస్తుంది. టాస్క్ 1ని 6.5కి పెంచినా వస్తుంది. అందరూ టాస్క్ 2 మీదే పడమంటారు, బరువు ఎక్కువని. కానీ 6.5 నుంచి 7.0కి వెళ్లాలంటే వ్యాకరణం, పదాల వాడకం రెండూ ఎదగాలి. తప్పుల్లేని వాక్యాలు తరచుగా రావాలి. అది నెలల పని. టాస్క్ 1లో ఓవర్‌వ్యూ లేకపోవడం, అంకెలు ఏరుకోకపోవడం నాలుగు వారాల్లో సరిచేసుకోదగ్గ తప్పులు. మీకున్న టైములో నేనైతే ముందు అక్కడే చేయి పెడతాను.

సందేహాలసంచి
రిపోర్ట్‌లో రైటింగ్‌కి ఒకటే అంకె ఇస్తారు. టాస్క్ 1కి ఎంత, టాస్క్ 2కి ఎంత అని ఎక్కడా ఉండదు. మీ 5.5, 6.5 ఊహలే. ఒకవేళ ఆవిడకి రెండింట్లోనూ 6.0 వచ్చి ఉంటే? అప్పుడు టాస్క్ 1 ఒక్కటి 7.0 చేసినా 6.33 దగ్గరే ఆగుతుంది.

నిదానం
మంచి ప్రశ్న. అవి నేను అనుకున్న అంకెలే. రెండూ 6.0 అయితే టాస్క్ 2 కదలకుండా గట్టున పడటం కష్టం, ఒప్పుకుంటున్నాను. అందుకే వెన్నెలదారి గారూ, ఈ వారంలో టైము పెట్టుకుని రెండు టాస్కులూ ఒక్క బిగిన రాయండి. బ్యాండ్ వివరాలు తెలిసిన ఎవరికైనా చూపించి రెండింటికీ విడివిడిగా మార్కు వేయించుకోండి. ఇద్దరికి చూపిస్తే ఇంకా మంచిది. ఎటు తక్కువుందో అది తేల్చాలి, నా ఊహ కాదు.

తెల్లకోటు
నేను రెండోసారి చేసిన తప్పు ఇదే చెల్లీ. స్పీకింగ్ ఒక్కటే మనసులో పెట్టుకుని రైటింగ్ ఒక్కసారి కూడా ప్రాక్టీస్ చేయలేదు. నువ్వు రాసేది ఒక్క సెక్షనే కాబట్టి ఆ భయం లేదు. ఉన్న టైమంతా దానికే పెట్టు.

వెన్నెలదారి
ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. అడ్మిషన్స్ వాళ్లు జవాబిచ్చారు. కనీస బ్యాండ్ డిపార్ట్‌మెంట్ పెట్టింది కాబట్టి దాన్ని సడలించలేమన్నారు. ఈ కోర్సుకి ముందస్తు ఇంగ్లిష్ కోర్సు దారి లేదట. రీటేక్ రిపోర్ట్ తీసుకుంటామన్నారు, కానీ గడువు రోజుకి స్కోరు వాళ్ల దగ్గర ఉండాలి.

టైము పెట్టుకుని రాసిన జవాబులు ఇద్దరు సార్లకి చూపించాను. ఒకరు టాస్క్ 1కి 5.5, టాస్క్ 2కి 6.5 అన్నారు. ఇంకొకరు రెండింటికీ 6.0 అన్నారు. ఇప్పుడు ఎవరిని నమ్మాలి?

సందేహాలసంచి
చూశారా, నేనూ అదే అన్నాను. రీమార్కింగ్ గడువు ఇంకా 17 రోజులు ఉంది. నా మాట మీద నేను ఉన్నాను.

నిదానం
ఇద్దరినీ నమ్మండి. ఇద్దరి లెక్కలోనూ టాస్క్ 1 6.5కి చేరలేదు, అది తేలిపోయింది. తేడా ఉన్నది టాస్క్ 2లోనే. మొదటి రెండు వారాలు టాస్క్ 1 చక్కబెట్టుకుంటూ, టాస్క్ 2లో ఒక్క పక్షం పట్టుకుని రాయడం అలవాటు చేసుకోండి. మీ వ్యాకరణం అలాగే ఉన్నా, ప్రశ్నకి సూటిగా జవాబివ్వడానికి ఉన్న మార్కు, పేరాల అల్లికకి ఉన్న మార్కు పెరగవచ్చు. టాస్క్ 2లో నాలుగు కొలమానాలకీ సమాన వాటా. అందులో ఆ రెండూ ఒక్కో బ్యాండ్ లేస్తే ఆ టాస్క్ అర బ్యాండ్ లేచినట్టే. అప్పుడు రెండో సారు చెప్పిన లెక్కలో కూడా 6.5 అందుతుంది: టాస్క్ 1 6.5, టాస్క్ 2 6.5.

ఇద్దరూ టాస్క్ 2 గురించి ఏం రాశారో ఒకసారి పోల్చి చూడండి. ఒకరు ఎక్కువ వేసి ఇంకొకరు తక్కువ వేసిన చోటు ఏ కొలమానమో తెలిస్తే మీ పని సగం తగ్గుతుంది.

రీటేక్ తేదీ 60 రోజుల అంచుకి పెట్టుకోకండి. ఫలితానికి కొన్ని రోజులు వదలాలి, యూనివర్సిటీకి చేరడానికి ఇంకొన్ని.

వెన్నెలదారి
పోల్చాను. ఇద్దరూ వ్యాకరణానికి 6 వేశారు. తేడా అంతా ప్రశ్నకి జవాబిచ్చిన తీరులో, పేరాల అల్లికలో, పదాల వాడకంలో.

పాత గ్రాఫ్ లాంటిదే ఒకటి తీసుకుని ఓవర్‌వ్యూ మళ్లీ రాశాను. దాని సారం తెలుగులో చెప్తాను, సరిపోతుందో లేదో చూడండి. మొత్తం మీద మూడు గీతలు పెరిగాయి, ఒకటే తగ్గింది. మొదట్లో అన్నిటికంటే కింద ఉన్నది చివరికి 62 శాతంతో అన్నిటినీ దాటింది.

నిదానం
బాగుంది. ఆ 62 శాతం తీసేయండి, అది కింద పేరాలో రావాలి. ఓవర్‌వ్యూలో దాటింది అన్న మాట చాలు. టాస్క్ 1 ఇప్పుడు ఎంతసేపట్లో అవుతోంది?

వెన్నెలదారి
22 నిమిషాలు. ఇంకో రెండు తగ్గించాలి. స్లాట్ బుక్ చేశాను, మొదటి పరీక్ష నుంచి 46వ రోజున. రీమార్కింగ్ పెట్టాలా వద్దా అనేది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.